రాయనివ్వని పెన్‌డ్రైవ్: అడ్డుపడుతున్నది ఎవరు?

డీటీపీ సెంటర్‌లో ఒక కుర్రాడు తన పెన్‌డ్రైవ్ ఇస్తాడు. 32 జీబీది, కొని మూడు నాలుగేళ్లయింది. లోపలున్న ఫైళ్లన్నీ కనిపిస్తాయి, తెరుచుకుంటాయి, ప్రింట్లూ వస్తాయి. సెంటర్ వాళ్లు స్కాన్ చేసిన సర్టిఫికెట్లను అదే డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే మాత్రం తెర మీద ఈ మాటలు పడతాయి: The disk is write protected. Remove the write-protection or use another disk. రాత రక్షణ తీసేయండి, లేదా వేరే డిస్క్ వాడండి అని దాని భావం. ఆ రక్షణ ఎవరు పెట్టారో, ఎక్కడుందో, ఎలా తీయాలో అందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

ఈ సందేశం పుట్టే చోట్లు ముఖ్యంగా నాలుగు. మెమొరీ కార్డ్ అంచున ఉండే చిన్న లాక్ మీట ఒకటి. కంప్యూటర్ తనకు తాను రాసిపెట్టుకున్న నిబంధన రెండోది. డిస్క్ మీద ఫైళ్ల చిట్టా చెడిపోవడం మూడోది. డ్రైవ్ లోపల ఉండే కంట్రోలర్ చిప్ ఇక రాయనివ్వకూడదని నిర్ణయించుకోవడం నాలుగోది. మొదటి మూడింటినీ ఇంట్లో కూర్చునే సరిచేసుకోవచ్చు. నాలుగోది అలా కాదు. ఇంటర్నెట్‌లో దొరికే చిట్కాలు నాలుగింటికీ ఒకే మందు రాసేస్తాయి కాబట్టే, జనం గంటల తరబడి కమాండ్లు కొట్టి, చివరికి ఉన్న ఫొటోలు కూడా పోగొట్టుకుంటుంటారు.

మీట కార్డు మీద, అడ్డుకునేది కెమెరా

ఎస్‌డీ కార్డును శాన్‌డిస్క్, మత్సుషిత, తోషిబా సంస్థలు కలిసి 1999లో ప్రకటించాయి. పెద్ద కెమెరాల్లో వాడే ఈ కార్డు 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. లేబుల్ మనవైపు, కోసేసిన మూల పైన కుడివైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ అంచున ఒక చిన్న మీట కనిపిస్తుంది. దాన్ని కిందికి జరిపితే లాక్, పైకి జరిపితే లాక్ తీసినట్టు.

ఆ మీటకీ కార్డు లోపలి చిప్‌కీ ఏ సంబంధమూ లేదని చాలామందికి తెలియదు. ఒక్క తీగ కూడా దాన్ని లోపలికి కలపదు. అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. కెమెరా లేదా కార్డ్ రీడర్ సాకెట్ లోపల ఒక చిన్న స్ప్రింగ్ రేకు ఉంటుంది. కార్డు లోపలికి వెళ్లినప్పుడు మీట ఏ స్థానంలో ఉందో ఆ రేకు తడిమి చూస్తుంది. రాయాలా వద్దా అన్నది తేల్చుకునేది ఆ తర్వాత కెమెరాయే. కొన్ని రీడర్లు మీటను అసలు పట్టించుకోవు. కెనాన్ కెమెరాల కోసం ఔత్సాహికులు తయారుచేసిన సీహెచ్‌డీకే అనే సాఫ్ట్‌వేర్ దీన్నే వాడుకుంటుంది. కార్డు లాక్‌లో ఉంటే దాన్ని గుర్తుగా తీసుకుని తనంతట తాను మొదలవుతుంది, ఆ పైన అదే లాక్ చేసిన కార్డు మీద ఫొటోలూ రాస్తుంది. నేర పరిశోధనలో సాక్ష్యంగా తీసుకున్న కార్డులను పరిశీలించేవాళ్లు ఈ మీటను నమ్ముకోకుండా, రాతను అడ్డుకునే ప్రత్యేక పరికరాన్ని మధ్యలో పెట్టుకునేది ఇందుకే.

దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, లాక్ సమస్య కార్డుది కాకుండా సాకెట్‌ది కూడా కావచ్చు. మీట పైకే ఉన్నా లాక్ అంటోందంటే, మొదట వేరే రీడర్‌లో పెట్టి చూడాలి. అక్కడ రాస్తే కార్డు బాగున్నట్టే. మొదటి రీడర్‌లో రేకు వంగిపోయిందో, దుమ్ము పట్టిందో. ఆ రీడర్‌లో ఏ కార్డు పెట్టినా లాక్ అనే చూపిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

మరో చిక్కు, మీట వదులైపోవడం. ఏళ్ల తరబడి తీసి పెట్టిన కార్డుల్లో, లోపలికి తోస్తుండగానే సాకెట్ రాపిడికి మీట తనంతట తాను లాక్ వైపు జారిపోతుంది. కొన్నిసార్లు పూర్తిగా ఊడిపోతుంది. మీట లేక గాడి ఖాళీగా ఉంటే చాలా రీడర్లు దాన్ని లాక్ అనే అనుకుంటాయి. అప్పుడు గాడి పైభాగాన, అంటే లాక్ తీసినప్పుడు మీట ఉండే చోట, పలచటి సెల్లోటేప్ ముక్క అంటిస్తే కార్డు మళ్లీ రాస్తుంది. ఆడియో క్యాసెట్ పైన విరిగిన చెవుల దగ్గర టేప్ అంటించి మళ్లీ రికార్డ్ చేసుకున్న తరానికి ఇది కొత్త కిటుకేమీ కాదు. కాకపోతే టేప్ వెనకవైపు బంగారు రంగు పట్టీల మీదికి రాకూడదు, మందంగా ఉండకూడదు. సాకెట్‌లో ఊడిపోయి ఇరుక్కుంటే కెమెరా రిపేరు ఖర్చు కార్డు ధరను మించిపోతుంది. టేప్‌తో పని గడిచాక ఫొటోలు దింపుకుని కార్డు మార్చేయడమే మంచిది.

ఫోన్లలో వేసే మైక్రో ఎస్‌డీకి మీటే లేదు. దాన్ని కంప్యూటర్‌లో పెట్టడానికి వాడే అడాప్టర్‌కి ఉంటుంది. కాబట్టి ఫోన్‌లో రాసే కార్డు కంప్యూటర్‌లో రాయకపోతే ముందు అడాప్టర్ మార్చి చూడాలి. పెన్‌డ్రైవ్‌లలో కూడా మీట ఉన్న రకాలు అరుదు. డీటీపీ సెంటర్ కుర్రాడి డ్రైవ్‌కి అది లేదు. అంటే మొదటి కారణం కొట్టేసినట్టే.

విండోస్ దగ్గరున్న చిట్టాలు

ఇప్పుడు ఆ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. అక్కడ రాస్తే తప్పు మొదటి కంప్యూటర్‌ది. ఆఫీసుల్లో, పరీక్షా కేంద్రాల్లో, బ్యాంకుల్లో సమాచారం బయటికి పోకుండా పెన్‌డ్రైవ్‌లలోకి కాపీని కావాలనే ఆపేస్తారు. విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ 2004లో వచ్చినప్పటి నుంచి దీనికోసం రిజిస్ట్రీలో ఒక చోటు ఉంది. అది ఉందో లేదో ఇలా చూడవచ్చు:

```
reg query HKLM\SYSTEM\CurrentControlSet\Control\StorageDevicePolicies
```

ఇళ్లలోని కంప్యూటర్లలో మామూలుగా ఈ చోటే ఉండదు, దొరకలేదనే జవాబు వస్తుంది. ఒకవేళ ఉండి, అందులో WriteProtect విలువ 1 అని కనిపిస్తే ఆ యంత్రం ఏ యూఎస్‌బీ డ్రైవ్ మీదా రాయనివ్వదు. విలువను 0 చేసి, డ్రైవ్‌ను తీసి మళ్లీ పెడితే సరిపోతుంది. ఆఫీసు కంప్యూటరైతే అది పొరపాటున పడింది కాదు, వాళ్లు పెట్టిన నిబంధన. దాన్ని మార్చమని అక్కడి ఐటీ విభాగాన్ని అడగాలి తప్ప చెయ్యి పెట్టకూడదు.

రెండో చిట్టా డిస్క్‌కి తగిలించే రీడ్ ఓన్లీ గుర్తు. దీన్ని చూడటానికి, స్టార్ట్ మెనూలో cmd అని టైప్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ కమాండ్లు ఒక్కొక్కటిగా ఇవ్వాలి:

```
diskpart
list disk
select disk 1
attributes disk
```

ఇక్కడ 1 అన్నది ఉదాహరణకే. list disk చూపే పట్టికలో పరిమాణం చూసి పెన్‌డ్రైవ్ ఏదో తేల్చుకోవాలి. 32 జీబీ అని అమ్మినది 29 జీబీకి అటూ ఇటూగా కనిపిస్తుంది. అంకె తప్పుగా ఇస్తే తర్వాతి కమాండ్లన్నీ కంప్యూటర్ సొంత హార్డ్‌డిస్క్ మీదే పనిచేస్తాయి. చిట్కాల్లో తరచూ కనిపించే clean అనే కమాండ్ అలాంటప్పుడు తప్పు డిస్క్ మీద పడితే అందులోని విభజనల చిట్టా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

attributes disk ఇచ్చే జవాబులో పైన ఉండే రెండు వరుసలే అసలు సంగతి చెబుతాయి. డీటీపీ సెంటర్ డ్రైవ్‌కి వచ్చినవి ఇవి:

```
Current Read-only State : Yes
Read-only  : No
```

చూడ్డానికి ఒకదానికొకటి పొసగని మాటల్లా ఉంటాయి, కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కింది వరుస, విండోస్ తన తరఫున ఈ డిస్క్‌కి రీడ్ ఓన్లీ గుర్తు పెట్టిందా అన్నది. పై వరుస, ఈ క్షణంలో డిస్క్ నిజంగా రాయనిస్తోందా లేదా అన్నది. రెండూ Yes అయితే ఆ గుర్తే కారణం. attributes disk clear readonly అన్న ఒక్క కమాండ్‌తో అది పోతుంది. పైది Yes, కిందిది No అయితే విండోస్ పెట్టని రక్షణ ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట: రిజిస్ట్రీలోని నిబంధన నుంచో, కార్డు మీట నుంచో, డ్రైవ్ లోపలి నుంచో. ఈ స్థితిలో clear readonly ఇస్తే గుర్తు విజయవంతంగా తీసేశామనే సందేశం వస్తుంది, కానీ పై వరుస Yes గానే ఉండిపోతుంది. లేని గుర్తును తీసేయడం విండోస్‌కి కష్టం కాదుగా.

ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కనిపించే రీడ్ ఓన్లీ టిక్కు గురించి కూడా ఒక మాట. అది ఆ ఒక్క ఫైలును మార్చకుండా ఆపుతుందే గానీ, డిస్క్‌లోకి కొత్త ఫైళ్లు రాకుండా ఆపదు. attrib కమాండ్‌తో ఆ టిక్కులన్నీ తీసేసినా ఈ సందేశం పోదు.

ఫైళ్ల చిట్టా చెడినప్పుడు

కొందరికి వింత అనుభవం ఎదురవుతుంది. విండోస్‌లో రాసే పెన్‌డ్రైవ్ లినక్స్ ల్యాప్‌టాప్‌లో పెడితే Read-only file system అంటుంది. ఇక్కడ మీటా లేదు, నిబంధనా లేదు. అడ్డుపడింది లినక్స్ జాగ్రత్త.

పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా వాడే ఫ్యాట్32 పద్ధతిలో డిస్క్ మొదట్లో ఒక చిట్టా ఉంటుంది. ఏ ఫైలు ఏయే గడుల్లో ఉంది, ఏ గడి ఖాళీ అన్నది అందులో రాసి ఉంటుంది. కాపీ జరుగుతుండగా డ్రైవ్‌ను లాగేస్తే ఫైలు సగం, చిట్టా సగం రాసి ఆగిపోతాయి. ఒకే గడిని రెండు ఫైళ్లు తమదంటాయి, లేదా చిట్టా లేని గడికి దారి చూపిస్తుంది. లినక్స్ ఇలాంటి తప్పు కనిపెట్టగానే, చెడిన చిట్టాను నమ్మి రాస్తే బాగున్న ఫైళ్ల మీద పడుతుందన్న అనుమానంతో డిస్క్‌ను అక్కడికక్కడే రీడ్ ఓన్లీ చేసేస్తుంది. dmesg అన్న కమాండ్ కొడితే FAT-fs error అన్న వరుస, దాని కింద Filesystem has been set read-only అన్న వరుస కనిపిస్తాయి. విండోస్ ఇంత పట్టుదలగా ఉండదు. డ్రైవ్‌లో ఏదో సమస్య ఉంది, స్కాన్ చేయమంటారా అని అడిగి ఊరుకుంటుంది.

మ్యాక్ కంప్యూటర్‌లో ఇలాంటిదే ఇంకోటి కనిపిస్తుంది గానీ అది రోగం కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది, రాయదు. అదే డిస్క్ విండోస్‌లో మామూలుగా పనిచేస్తుంది. రెండింటిలోనూ వాడుకోవాలంటే ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకుని డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవాలి.

చెడిన చిట్టాను విండోస్‌లో బాగుచేయడానికి ఈ కమాండ్ ఉంది, E స్థానంలో ఆ డ్రైవ్ అక్షరం ఉండాలి:

```
chkdsk E: /f
```

దీన్ని కొట్టే ముందు ఉన్న ఫైళ్లను వేరేచోటికి కాపీ చేసుకోవాలి. chkdsk పని చిట్టాను పొసగేలా చేయడమే గానీ ఫొటోలను కాపాడటం కాదు. ఎవరికీ చెందని ముక్కలు కనిపిస్తే వాటిని FOUND.000 అనే ఫోల్డర్‌లో FILE0000.CHK లాంటి పేర్లతో పడేస్తుంది. అవి తిరిగి ఫొటోలుగా తెరుచుకుంటాయన్న భరోసా ఉండదు.

డీటీపీ సెంటర్ డ్రైవ్ మీద ఈ కమాండ్ కొడితే వచ్చిన జవాబు ఇంకోలా ఉంది: Windows cannot run disk checking on this volume because it is write protected. ఈ వాక్యం చూశాక చిట్టా మీద అనుమానం వదిలేయవచ్చు. చిట్టాను బాగుచేయాలంటే దాని మీద రాయాలి కదా, ఆ రాతే లోపలికి వెళ్లడం లేదు. ఫార్మాట్ చేసినా ఇదే గతి. మీట లేదు, వేరే కంప్యూటర్‌లోనూ ఇంతే, విండోస్ గుర్తు లేదు. మిగిలింది ఒక్కటే.

డ్రైవే తలుపు వేసుకుంటే

పెన్‌డ్రైవ్ విప్పితే లోపల ప్రధానంగా రెండు చిప్‌లు కనిపిస్తాయి. సమాచారం దాచేది ఫ్లాష్ చిప్. దానికీ కంప్యూటర్‌కీ మధ్య నిలబడి లెక్కలన్నీ చూసేది కంట్రోలర్. కంప్యూటర్ ఎప్పుడూ ఫ్లాష్‌తో నేరుగా మాట్లాడదు.

ఫ్లాష్‌లో రాసిన చోటే మళ్లీ రాయడం కుదరదు. ముందు చెరపాలి, అదీ ఒక్క గడిని కాదు, లక్షల గడులున్న ఒక పెద్ద బ్లాకును ఒకేసారి. చెరిపిన ప్రతిసారీ గడి చుట్టూ ఉండే పలచటి ఆక్సైడ్ పొర కొంచెం దెబ్బతింటుంది, రబ్బరుతో ఒకేచోట చెరపగా చెరపగా కాగితం పలచబడినట్టు. ఒక్కో గడిలో ఒకే బిట్ దాచే పాత రకం ఫ్లాష్ సుమారు లక్షసార్లు ఓర్చుకునేది. మూడేసి బిట్లు దాచే ఇప్పటి చవక రకాలు సాధారణంగా వేలల్లోనే అలసిపోతాయి. అందుకని తయారీలోనే కొన్ని బ్లాకులు అదనంగా పెడతారు. ఒక బ్లాకు చెడితే కంట్రోలర్ దాని పేరు కొట్టేసి, అదనపు వాటిలో ఒకదాన్ని తెచ్చి ఆ స్థానంలో పెడుతుంది. వాడేవాళ్లకు ఇదేమీ తెలియదు.

ఆ అదనపు బ్లాకులు అయిపోయిన రోజున కంట్రోలర్‌కి మిగిలేవి రెండు దారులు. రాస్తూ పోయి ఉన్నది చెడగొట్టుకోవడం, లేదా రాత ఆపేసి ఉన్నదాన్ని చదువుకోనివ్వడం. చాలా కంట్రోలర్లు రెండో దారి పడతాయి. మధ్యలో లాగేయడంవల్ల కంట్రోలర్ తన సొంత లెక్కల పట్టిక పోగొట్టుకున్నప్పుడూ ఇలాగే జరగవచ్చు. ఆ తర్వాత కంప్యూటర్ ఎప్పుడు అడిగినా తనకు రాత రక్షణ ఉందనే చెబుతుంది. లినక్స్‌లో డ్రైవ్ పెట్టగానే dmesg చూస్తే Write Protect is on అన్న వరుస ఈ జవాబే. ఆరోగ్యంగా ఉన్న డ్రైవ్‌కి అక్కడ off అని ఉంటుంది.

మెమొరీ కార్డుల్లో ఈ జబ్బు ఇంకో వేషంలో వస్తుంది. సందేశమేదీ రాదు. ఫొటోలన్నీ డిలీట్ చేస్తే పోయినట్టే కనిపిస్తాయి, ఫార్మాట్ కూడా అయినట్టే ఉంటుంది. కార్డు తీసి మళ్లీ పెడితే పాత ఫొటోలన్నీ యథాస్థానంలో ప్రత్యక్షం. కార్డు ఆదేశాలు తీసుకుంటోంది, సరేనంటోంది, ఏమీ చేయడం లేదు. తీసేదాకా కంప్యూటర్ తన జ్ఞాపకంలో ఉన్నదాన్నే చూపిస్తుంది గనక మోసం వెంటనే బయటపడదు. పెళ్లిళ్లకు వెళ్లే ఫొటోగ్రాఫర్లు పాత కార్డును నమ్మే ముందు ఒక ఫొటో తీసి, కార్డును బయటికి తీసి మళ్లీ పెట్టి, ఆ ఫొటో నిలిచిందో లేదో చూసుకోవడం మంచిది.

ఈ దశలో విండోస్ వైపు నుంచి ఏ కమాండూ పనిచేయదు. రిపేరు చేస్తామనే సాఫ్ట్‌వేర్లు కొనడమూ దండగ, అవన్నీ కంట్రోలర్‌ని రాయమని అడిగేవే, అది ఒప్పుకోదు. ఒక్క మినహాయింపు ఉంది. కంట్రోలర్ తయారీదారులు ఫ్యాక్టరీల కోసం చేసిన ప్రొడక్షన్ టూళ్లు కంట్రోలర్ లోపలి పట్టికలనే కొత్తగా రాస్తాయి. సరిగ్గా ఆ మోడల్‌కి సరిపడే టూల్ దొరికితే కొన్ని డ్రైవ్‌లు మళ్లీ లేస్తాయి. కానీ అందులోని సమాచారం మొత్తం పోతుంది. ఈ టూళ్లు ఎక్కువగా దొరికేది ఊరూ పేరూ లేని సైట్లలో కాబట్టి వాటితో వైరస్‌లూ వస్తాయి. పైగా అరిగిపోయిన ఫ్లాష్ కొత్తదవదు, లేచిన డ్రైవ్ మళ్లీ ఎప్పుడు పడిపోతుందో ఎవరికీ తెలియదు.

ఇలాంటి డ్రైవ్ చేతికొచ్చినప్పుడు ఆ రోజే చేయాల్సిన పని, చదవనిచ్చినంత కాలం లోపలున్నదంతా వేరేచోటికి దింపుకోవడం. ముందు అతిముఖ్యమైన ఫోల్డర్లు, తర్వాత మిగతావి. కొన్ని ఫైళ్ల దగ్గర కాపీ ఆగిపోతుంటే వాటిని వదిలి ముందుకు పోవాలి. మొండికేసిన చోట్ల కోసం లినక్స్‌లో ddrescue ఉంది. చదవగలిగినదంతా ముందు ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకుని, చదవలేని చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఫైళ్ల పేర్లు పోయినా ఆ ఇమేజ్ నుంచి ఫొటోలను వెలికితీయడానికి ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది.

కాపీ అయ్యాక వారంటీ కాగితం వెతుక్కోవచ్చు. కొన్ని బ్రాండ్లు ఐదేళ్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ కాలం మార్చి ఇస్తాయి. అయితే ఒక ఇబ్బంది ఉంది. ఈ డ్రైవ్ మీద రాయలేరంటే, అందులో ఉన్నది చెరపనూ లేరు. ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు, ఇంటి ఫొటోలు అలాగే లోపల ఉంటాయి, ఏ కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకుంటాయి. అలాంటివి ఉంటే ఆ కొన్ని వందల రూపాయల వారంటీని వదులుకుని, పై తొడుగు తీసి, పెద్దగా కనిపించే నల్లటి ఫ్లాష్ చిప్‌ను సుత్తితో ముక్కలు చేయడమే సరైన పని. మైక్రో ఎస్‌డీ అయితే కత్తెరతో మధ్యకు రెండు మూడు చోట్ల కత్తిరించి, ముక్కలను ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయాలి.